ప్రకటన ఎప్పుడు నడిచింది, డబ్బు ఎప్పుడు కదిలింది

ఫేస్‌బుక్‌లోనో గూగుల్‌లోనో ప్రకటన పెట్టడం చిన్న వ్యాపారులకు ఇప్పుడు అలవాటైన పనే. చిక్కంతా బిల్లు దగ్గర వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక మొత్తం ఉంటుంది, యాడ్ అకౌంటులో ఇంకో మొత్తం కనిపిస్తుంది, నెల తిరిగాక ఆడిటర్ చేతికి వెళ్లే ఇన్‌వాయిస్‌లో మూడో అంకె ఉంటుంది. ఎక్కడో మోసం జరిగిందని చాలామంది అనుమానపడతారు. కానీ చాలాసార్లు ఆ మూడు అంకెలూ నిజమే. ప్రకటన నడిచిన రోజు ఒకటి, డబ్బు కదిలిన రోజు మరొకటి, పన్ను కాగితం పుట్టిన రోజు ఇంకొకటి. ఈ మూడు తేదీలను విడివిడిగా చూడటం అలవాటైతే ప్రకటనల బిల్లింగ్‌లో సగం గందరగోళం పోతుంది. మిగతా సగం మన దేశపు చెల్లింపు నియమాలకూ ఈ వేదికల వసూలు పద్ధతికీ మధ్య ఉన్న పొంతన కుదరనితనం. ఈ వ్యాసం భారతదేశంలో తెరిచిన గూగుల్ యాడ్స్, మెటా యాడ్ అకౌంట్ల గురించే మాట్లాడుతుంది. మన దగ్గర చిన్న వ్యాపారాల ప్రకటన ఖర్చులో పెద్ద భాగం వెళ్లేది ఈ రెండింటికే.

ముందుగా ప్రీపెయిడ్. యూపీఐ, నెట్‌బ్యాంకింగ్, కార్డు, వీటిలో ఏదో ఒకదానితో డబ్బు వేస్తాం. ప్రకటన నడిచేకొద్దీ అది తరుగుతుంది. అయిపోతే ప్రకటన ఆగుతుంది. ఇంత సూటిగా ఉన్న పద్ధతిలో కూడా మొదటి రోజే ఒక తేడా కనిపిస్తుంది. గూగుల్ అకౌంటులో పదివేలు వేస్తే ప్రకటనకు మిగిలేది 8,474 రూపాయల 58 పైసలు. మిగతా 1,525 రూపాయల 42 పైసలు జీఎస్టీ. పన్ను 18 శాతం కదా, 1,800 పోవాలి కదా అని లెక్క వేసేవారు ఉన్నారు. ఆ 18 శాతం మనం కట్టిన మొత్తం మీద కాదు, ప్రకటన విలువ మీద. కాబట్టి పదివేలను 1.18తో భాగించాలి. పూర్తిగా పదివేల రూపాయల ప్రకటన నడవాలంటే 11,800 వేయాలి. మెటాలో డబ్బు వేసేటప్పుడు పన్నునూ ప్రకటన సొమ్మునూ విడదీసి చూపే వరుసను చదివి మరీ చెల్లించడం మంచిది.

ప్రకటన ఇంకా నడవకముందే పన్ను ఎందుకు తీస్తారన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఇది వేదిక పెట్టుకున్న నియమం కాదు, జీఎస్టీ చట్టంలోనే ఉంది. సేవల విషయంలో ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు అందిన తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పుడే పన్ను బాధ్యత మొదలవుతుంది. సరుకుల మీద తీసుకునే అడ్వాన్సులకు 2017 నవంబరులో మినహాయింపు ఇచ్చారు గానీ సేవలకు ఇవ్వలేదు. ప్రకటన సేవే కాబట్టి టాప్-అప్ చేసిన క్షణమే పన్ను పడుతుంది.

ప్రీపెయిడ్‌లో నిల్వ ఎన్నాళ్లు వస్తుందన్న అంచనా కూడా తప్పుతూ ఉంటుంది. గూగుల్‌లో రోజువారీ బడ్జెట్ అంటే సగటు మాత్రమే. వెతుకులాట ఎక్కువున్న రోజున అది రెట్టింపు దాకా ఖర్చు చేయవచ్చు. నెల మొత్తంలో మాత్రం రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటదు. రోజుకు 2,000 పెట్టుకున్నవారికి నెలకు గరిష్ఠం 60,800, కానీ ఒక్క రోజున 4,000 కూడా పోవచ్చు. పైన చెప్పిన 8,474 రూపాయలు నాలుగు రోజులు వస్తాయనుకుని శుక్రవారం వేస్తే, రద్దీ వారాంతమైతే ఆదివారం పొద్దుటికే అయిపోవచ్చు. ఒక్కోసారి నిల్వ సున్నా దాటి కొద్దిగా మైనస్‌లోకి కూడా వెళుతుంది. క్లిక్కుల లెక్క అకౌంటులోకి చేరడానికి కొంత సమయం పడుతుంది, ఆ లోపల ప్రకటన ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆ మైనస్ తర్వాతి టాప్-అప్‌లో సర్దుబాటవుతుంది. దాన్ని జరిమానా అనుకోనక్కర్లేదు.

పోస్ట్‌పెయిడ్‌లో వరుస తిరగబడుతుంది. ప్రకటన ముందు నడుస్తుంది, కార్డు మీద వసూలు తర్వాత జరుగుతుంది. ఎప్పుడంటే, ఖర్చు ఒక హద్దును తాకినప్పుడు గానీ, నెలవారీ బిల్లు తేదీ వచ్చినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు. ఆ హద్దునే బిల్లింగ్ థ్రెషోల్డ్ అంటారు. కొత్త అకౌంటుకు ఇది చిన్నదిగా ఉంటుంది. వసూళ్లు సక్రమంగా జరిగేకొద్దీ వేదికే దాన్ని పెంచుకుంటూ పోతుంది.

ఈ రంగంలో అన్నింటికంటే ఎక్కువ అపార్థానికి గురయ్యేది థ్రెషోల్డే అని నా అభిప్రాయం. థ్రెషోల్డు తాకితే ప్రకటన ఆగుతుందని, అంతకు మించి ఖర్చు కాదని అనుకునేవారు చాలామంది. నిజానికి అది మనకు వేదిక ఇచ్చే అరువు హద్దు. ఖర్చుకు అది కళ్లెం వేయదు. ఎంత బాకీ పేరుకున్నాక వసూలుకు వస్తారో మాత్రమే చెబుతుంది. వసూలు జరిగితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలై, ప్రకటన ఆగకుండా సాగిపోతుంది. ఖర్చును అదుపు చేసేది క్యాంపెయిన్ బడ్జెట్. మెటాలో దానికి తోడు మొత్తం అకౌంటుకు మనమే పెట్టుకోగల ఖర్చు పరిమితి ఒకటుంది. అది తాకితే, మనం పెంచేదాకా లేక మళ్లీ సున్నా చేసేదాకా ప్రకటనలన్నీ నిలిచిపోతాయి. ఎప్పుడో ఒకసారి జాగ్రత్త కోసం ఆ పరిమితి పెట్టి మరిచిపోయినవారు, కార్డులో డబ్బుండగా ప్రకటనలు ఎందుకు ఆగాయో తెలియక తికమకపడటం మామూలే. డబ్బు కట్టడం వల్ల ఆ పరిమితి మారదు.

ఇక ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. మంగళగిరిలో చేనేత చీరల దుకాణం ఒకటి దసరాకు ముందు రోజుకు 2,000 రూపాయల బడ్జెట్‌తో ప్రకటన మొదలుపెట్టిందనుకుందాం. పోస్ట్‌పెయిడ్ అకౌంటు, ఒక డెబిట్ కార్డు. లెక్క సులువు కోసం థ్రెషోల్డు 4,000తో మొదలైందనీ, పన్ను ప్రతి వసూలుతో కలిపే తీస్తున్నారనీ అనుకుందాం. రెండు రోజులకోసారి 4,720 పోతుంది. కొన్ని వసూళ్లు బాగా జరిగాక థ్రెషోల్డు 8,000 అవుతుంది. ఇప్పుడు నాలుగు రోజులకోసారి 9,440. ఇబ్బందేమీ లేదు. మరికొన్నాళ్లకు అది 16,000 అవుతుంది. దుకాణదారు దీన్ని నమ్మకానికి గుర్తుగా తీసుకుని సంతోషిస్తాడు. ఆ తర్వాత ఎనిమిదో రోజు రాత్రి 18,880 రూపాయల వసూలుకు ప్రయత్నం జరుగుతుంది, బ్యాంకు తిప్పికొడుతుంది. పొద్దున లేచేసరికి ప్రకటనలు ఆగి ఉంటాయి. ఖాతాలో డబ్బు మాత్రం నిక్షేపంగా ఉంది.

కారణం రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ నియమాల్లో ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి, కార్డు మీద మళ్లీ మళ్లీ జరిగే వసూళ్లకు ఖాతాదారు ముందుగా ఒకసారి ధ్రువీకరించి అనుమతి ఇవ్వాలి. ప్రతి వసూలుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు అందాలి. ఒక్కో వసూలు మొదట్లో 5,000 దాటితే ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ కావాల్సి వచ్చేది. 2022 జూన్‌లో ఆ హద్దును 15,000కు పెంచారు. బీమా ప్రీమియాలు, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డు బిల్లులకు తర్వాత లక్ష దాకా ఇచ్చారు, ప్రకటనల ఖర్చుకు అది వర్తించదు. ఈ నియమాలు రాసినప్పుడు కళ్లముందున్నది నెలనెలా ఒకే తేదీన ఒకే మొత్తం పోయే చందాల లాంటి చెల్లింపులు. థ్రెషోల్డు వసూలు అలాంటిది కాదు. అది ఏ రోజు, ఏ వేళ తాకుతుందో ఎవరికీ ముందుగా తెలియదు. పన్నుతో కలిపి 15,000 దాటితే ఓటీపీ అడగాలి, అర్ధరాత్రి ఎదుట ఎవరూ ఉండరు. లెక్క చూస్తే 15,000ను 1.18తో భాగించగా వచ్చేది సుమారు 12,700. థ్రెషోల్డు అంతకు మించిందంటే, కార్డుతో ఆటోమేటిక్ వసూలు నడుపుకునేవారు జాగ్రత్తపడాల్సిన సమయం వచ్చిందన్నమాట.

దీనికి విరుగుడు ఉంది. పోస్ట్‌పెయిడ్‌లో కూడా థ్రెషోల్డు తాకేదాకా ఆగకుండా మనంతట మనమే ముందుగా చెల్లించవచ్చు. మన దుకాణదారు వారానికి రెండుసార్లు, ఓటీపీ చేతిలో ఉండగా, అప్పటిదాకా పేరుకున్న ఏడెనిమిది వేలు కట్టేస్తే ఆటోమేటిక్ వసూలు అవసరమే రాదు. మెటా కొన్ని అకౌంట్లకు థ్రెషోల్డును మనమే తగ్గించుకునే వీలు కూడా ఇస్తుంది. ఇంత శ్రమ ఎందుకనిపిస్తే ప్రీపెయిడే మేలు. నెలకు లక్ష లోపు ఖర్చు పెట్టే దుకాణాలకు ప్రీపెయిడ్‌నే నేను సమర్థిస్తాను. అందులో ప్రకటన ఎప్పుడు ఆగుతుందో మన చేతుల్లో ఉంటుంది, బాకీ పడే ప్రమాదం దాదాపు ఉండదు. నెల ఇన్‌వాయిస్ మీద అరువు సదుపాయం కూడా ఉంది గానీ, అది పెద్ద ఖర్చు పెట్టే, అరువు అర్హత నిరూపించుకోగల సంస్థలకే.

ఇప్పుడు పన్ను కాగితం. డబ్బు కట్టగానే వచ్చేది రసీదు. ఇన్‌పుట్ క్రెడిట్ తెచ్చిపెట్టేది ట్యాక్స్ ఇన్‌వాయిస్. ప్రీపెయిడ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. మన మంగళగిరి దుకాణం ప్రీపెయిడ్‌కు మారి మార్చి 29న 11,800 వేసిందనుకుందాం. మార్చి చివరిదాకా 4,000 రూపాయల ప్రకటన నడిచింది, మిగతా 6,000 ఏప్రిల్‌లో నడిచింది. అప్పుడు మార్చి ఇన్‌వాయిస్ 4,000, దాని మీద పన్ను 720. ఏప్రిల్ ఇన్‌వాయిస్ 6,000, పన్ను 1,080. బ్యాంకులో మాత్రం మార్చిలో ఒకేసారి 11,800 పోయింది. స్టేట్‌మెంటు చూసి మొత్తాన్నీ మార్చి ఖర్చుగా రాసేస్తే రెండు ఆర్థిక సంవత్సరాల లెక్కలూ తప్పుతాయి. అడ్వాన్సు రసీదు మీద క్రెడిట్ రాదు కాబట్టి ఆ 1,800నూ మార్చి రిటర్నులో తీసుకోకూడదు. మార్చి ఇన్‌వాయిస్ ఏప్రిల్ 14న తయారయ్యే జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తుంది, ఏప్రిల్‌ది మే 14 నాటిదాంట్లో. నెలనెలా చూసుకోవాల్సింది అదే: ఇన్‌వాయిస్ నంబరూ పన్ను మొత్తమూ 2బిలో ఉన్నాయా లేదా.

లేకపోతే మొదట అనుమానించాల్సింది మన జీఎస్టీ నంబరునే. యాడ్ అకౌంటు తెరిచేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేసినా ప్రకటన నడుస్తుంది, పన్నూ పడుతుంది. కానీ మనల్ని రిజిస్టరు కాని కొనుగోలుదారుగా లెక్కవేసి ఇన్‌వాయిస్ ఇస్తారు, అది మన 2బికి రాదు. నెలకు 60,000 ప్రకటన ఖర్చున్న దుకాణానికి పన్ను 10,800. తర్వాత నంబరు చేర్చినా అది ఇకపై వచ్చే ఇన్‌వాయిస్‌లకే వర్తిస్తుంది. పాతవాటిని తిరగరాయించడం మన చేతిలో పని కాదు. అంటే ఆర్నెల్లు ఆలస్యమైతే 64,800 రూపాయల క్రెడిట్ చేజారినట్టే. ఈ ఒక్క గడి నింపడం బడ్జెట్ ఎంత పెట్టాలన్న ఆలోచన కంటే ముందు జరగాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఎలాగూ క్రెడిట్ లేదు, వారికి ఆ 18 శాతం పూర్తిగా ఖర్చే. క్రెడిట్ ఉన్నవారికి కూడా గడువుంది: ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది.

నంబరు వేసినా సరిపోదు, చిరునామా కూడా పొంతన కుదరాలి. జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది పాన్. విజయవాడ నంబరు వేసి, హైదరాబాదు గోదాము చిరునామా రాస్తే తెలిసీ తెలియక చిక్కు తెచ్చుకున్నట్టే. సేవ అందుకున్న రాష్ట్రాన్ని బట్టే ఐజీఎస్టీ పడాలా, కేంద్ర రాష్ట్ర పన్నులుగా చెరి తొమ్మిది శాతం పడాలా అన్నది తేలుతుంది. బిల్లు ఇచ్చే సంస్థ వేరే రాష్ట్రంలో రిజిస్టరై ఉంటే ఐజీఎస్టీ వస్తుంది, అది తప్పు కాదు. ఇన్‌వాయిస్ మీద ఇంటర్నెట్ ప్రకటన స్థలానికి ఉండే సేవా కోడ్ 998365 అని కనిపిస్తుంది.

ఈ సందర్భంలో మన కుటుంబాల్లో తరచూ జరిగే ఒక సంగతి చెప్పాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకో అల్లుడో సాయం చేద్దామని అక్కడి కార్డుతో, అమెరికా దేశం ఎంచుకుని అకౌంటు తెరిచి పెడతారు. డాలర్లలో ఖర్చవుతుంది, బిల్లు అక్కడి పేరు మీద వస్తుంది, ఇక్కడి దుకాణం పుస్తకాల్లోకి రాయడానికి పనికొచ్చే ఇన్‌వాయిస్ ఉండదు. గూగుల్‌లో దేశాన్నీ కరెన్సీనీ తర్వాత మార్చడం కుదరదు, కొత్త అకౌంటు తెరవాల్సిందే. ఏజెన్సీల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఏజెన్సీ తన అకౌంటు నుంచి ప్రకటనలు నడిపితే వేదిక ఇచ్చే ఇన్‌వాయిస్ ఏజెన్సీకే చెందుతుంది. మనకు క్రెడిట్ రావాలంటే ఏజెన్సీ మన జీఎస్టీ నంబరుతో తన ఇన్‌వాయిస్ ఇవ్వాలి, తన రిటర్నులో చూపాలి. వేదిక బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపితే సరిపోదు. యాడ్ అకౌంటు మన పేరుతో ఉండి, ఏజెన్సీకి నిర్వహణ అనుమతి మాత్రమే ఇచ్చే పద్ధతి ఎప్పుడూ శుభ్రం.

ఇక చెల్లింపు విఫలమై ప్రకటన ఆగిన రోజు ఏం చేయాలి. ముందు తెలుసుకోవాల్సింది ఆటంకం ఎవరి వైపుందో. బ్యాంకు నుంచి తిరస్కరణ సందేశం వచ్చిందంటే వసూలు ప్రయత్నం బ్యాంకు దాకా చేరింది, అక్కడ ఆగింది. అప్పుడు చూడాల్సినవి తక్కువే. ఖాతాలో నిల్వ ఒకటి. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ లావాదేవీల స్విచ్చు, దాని రోజువారీ హద్దు మరొకటి. 2020 అక్టోబరు నుంచి ఈ స్విచ్చులు ఖాతాదారు చేతికే వచ్చాయి, ఎప్పుడో ఐదువేలకు తగ్గించి మరిచిపోయి ఉండవచ్చు. మూడోది మ్యాండేట్. కార్డు గడువు తీరి కొత్తది వచ్చిందంటే, దాన్ని వేదికలో మళ్లీ చేర్చి ఓటీపీతో ధ్రువీకరించడం మంచిది. 2022 అక్టోబరు నుంచి వ్యాపార సంస్థలు కార్డు నంబరును తమ దగ్గర దాచుకోవడానికి వీల్లేదు, టోకెన్ మాత్రమే ఉంచుకుంటాయి. ఆ టోకెన్, ఆ అనుమతి పాత కార్డు మీద తీసుకున్నవి. బ్యాంకు నుంచి ఏ సందేశమూ లేకపోతే, కస్టమర్ కేర్‌ను అడిగినా అలాంటి ప్రయత్నమే కనిపించలేదంటే, ఆటంకం వేదిక వైపుంది. అనుమానాస్పద చెల్లింపని ఆపి ఉండవచ్చు, గుర్తింపు పత్రాలు అడుగుతూ ఉండవచ్చు. అప్పుడు కార్డు మీద కార్డు మార్చి ప్రయత్నించడం అనుమానాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు. అకౌంటులో వచ్చిన నోటీసు చదివి, అడిగింది ఇవ్వడమే దారి.

కారణం బ్యాంకు వైపే ఉంటే, బాకీ మొత్తాన్ని ఓటీపీ ఇచ్చి స్వయంగా కట్టేయాలి. మన దుకాణదారు 18,880 అలా కట్టేస్తే పని అయిపోతుంది. గూగుల్‌లో బాకీ తీరాక ప్రకటనలు వాటంతటవే మళ్లీ మొదలవుతాయి. మెటాలో కట్టిన తర్వాత క్యాంపెయిన్ల జాబితా తెరిచి, స్విచ్చులు నిజంగా ఆన్‌లో ఉన్నాయా అని కళ్లారా చూసుకోవాలి. ఆగిన ప్రకటనలు చెడిపోయాయన్న కంగారుతో వాటికి నకళ్లు తీసి కొత్తగా పెట్టేవారున్నారు. అది నష్టం. మెటాలో ఒక యాడ్ సెట్ ఎవరికి చూపితే ఫలితం వస్తుందో నేర్చుకునే దశ ఉంటుంది; దానికి వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి. ఏడు రోజులు లేదా అంతకు మించి ఆగితేనే ఆ నేర్పు మళ్లీ మొదటికి వస్తుంది. ఒకటి రెండు రోజులు ఆగిన పాతదాన్ని కొనసాగిస్తే పోయేదేమీ లేదు. కొత్త నకలు మాత్రం మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి, పండగ ముందు అంత సమయం ఉండదు.

రెండు పనులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. బాకీ వదిలేసి ఇంకో పేరుతో కొత్త అకౌంటు తెరవడం ఒకటి. చెల్లింపు వివరాలను, వ్యాపార వివరాలను కలిపి చూసి వేదికలు రెండింటినీ నిలిపివేసే ప్రమాదం ఉంది. వసూలు సరైనదో కాదో తేల్చుకోకుండానే బ్యాంకులో వివాదం వేసి డబ్బు వెనక్కి లాగడం రెండోది. దాంతో అకౌంటే సస్పెండ్ కావచ్చు. లెక్కలో తేడా ఉందనిపిస్తే ముందు వేదిక సహాయ విభాగంలోనే అడగాలి. చెల్లని క్లిక్కులకు పడిన ఖర్చును గూగుల్ తానే గుర్తించి అకౌంటుకు తిరిగి జమ చేస్తుంది, ఆ వరుస లావాదేవీల పట్టికలోనే కనిపిస్తుంది.

పండగ అయ్యాక ప్రకటనలు ఆపేస్తే లెక్క అక్కడితో ముగియదు. పోస్ట్‌పెయిడ్‌లో థ్రెషోల్డు తాకని చివరి మొత్తం, ఆపిన రోజు దాకా పడిన ఖర్చు, నెల బిల్లు తేదీన వస్తుంది. ఆ తేదీ దాటేదాకా కార్డును తీసేయకూడదు, ఖాతా ఖాళీ చేయకూడదు. ప్రీపెయిడ్‌లో మిగిలిన నిల్వను గూగుల్ అకౌంటు రద్దు చేసుకుంటే తిరిగి ఇస్తారు. ప్రోత్సాహకంగా వచ్చిన కూపన్ సొమ్ము మాత్రం తిరిగి రాదు.